పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ రాకపోయినా, ఆలస్యమైనా, వచ్చి పనిచేయకపోయినా: తరచుగా అడిగే ప్రశ్నలు

మీరు ఇప్పుడే ఈ చిక్కులో ఉండి ఈ పేజీ తెరిచి ఉంటే ముందు ఒక్క పని చేయండి: ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ మళ్లీ నొక్కకండి. కారణం మొదటి రెండు జవాబుల్లో ఉంది. మిగతావి మీ అవసరాన్ని బట్టి చదువుకోవచ్చు.

లింకు నొక్కితే గడువు తీరిందంటోంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఎందుకిలా తిరుగుతోంది?

రీసెట్ లింకు చివర పొడుగ్గా, అర్థం లేని అక్షరాల వరుస ఒకటి కనిపిస్తుంది. దాన్ని టోకెన్ అంటారు. అది ఒక్కసారి వాడుకోవడానికి ఇచ్చిన తాళంచెవి. రెండు కారణాల వల్ల అది పనికిరాకుండా పోతుంది.

మొదటిది కాలం. సైటును దేనితో కట్టారో, కట్టినవాళ్లు ఏం పెట్టుకున్నారో దాన్ని బట్టి ఈ గడువు మారుతుంది. ఏమీ మార్చకుండా వదిలేస్తే లారావెల్‌తో కట్టిన సైటులో 60 నిమిషాలు, వర్డ్‌ప్రెస్‌లో ఒక రోజు, జాంగోలో 3 రోజులు ఉంటుంది. డబ్బుతో ముడిపడిన సైట్లు దీన్ని 10, 15 నిమిషాలకు కుదిస్తుంటాయి.

రెండోది చాలామందికి తెలియదు. లారావెల్, వర్డ్‌ప్రెస్ లాంటివాటిలో ఒక ఖాతాకు ఒక సమయంలో ఒక్క టోకెనే ఉంటుంది. మీరు రెండోసారి అడగ్గానే కొత్త టోకెన్ పాతదాని స్థానంలో కూర్చుంటుంది. పాత మెయిల్ దారిలో ఉన్నా సరే, అందులోని లింకు ఆ క్షణానే చెల్లకుండా పోతుంది. అది మీ ఇన్‌బాక్స్‌కు చేరేసరికి చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, నొక్కితే మాత్రం ‘ఇన్‌వాలిడ్’ అనో ‘ఎక్స్‌పైర్డ్’ అనో వస్తుంది. అది చూసి మీరు మళ్లీ అడుగుతారు. దాంతో దారిలో ఉన్న తర్వాతి మెయిల్ కూడా చెల్లదు. మెయిల్ ఆలస్యంగా వస్తున్నంతకాలం ఈ తిరుగుడు ఆగదు.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఒక కాలేజీ మెయిల్ అడ్రస్ తీసుకుందాం. రీసెట్ పంపే సైటు లింకుకు ఇచ్చిన గడువు 15 నిమిషాలు. కాలేజీ మెయిల్ సర్వర్‌కు కొత్తవాళ్లను మొదటిసారి వెనక్కి పంపే అలవాటుంది (దీన్ని గ్రేలిస్టింగ్ అంటారు, కింద వివరించాం).

ఉదయం 10:30కి విద్యార్థి బటన్ నొక్కాడు. సైటు మెయిల్‌ను వెంటనే పంపింది. కాలేజీ సర్వర్ ‘తర్వాత రా’ అని తిప్పి పంపింది. 10:36కి మళ్లీ ప్రయత్నం జరిగింది. ఈసారి సైటు వైపు నుంచి వేరే ఐపీ, అంటే వేరే ఇంటర్నెట్ చిరునామా ఉన్న మెషీన్ తలుపు తట్టింది కాబట్టి, కాలేజీ సర్వర్ దాన్నీ కొత్త మనిషిగానే చూసి తిప్పి పంపింది. 10:52కి మొదటి మెషీనే మళ్లీ వచ్చింది, లోపలికి రానిచ్చారు.

ఈ మధ్యలో విద్యార్థి ఊరుకోలేదు. 10:34కి, 10:41కి, 10:50కి మళ్లీ నొక్కాడు. 10:52కి మొదటి మెయిల్ కనబడగానే తెరిచాడు. అది రెండు విధాలా చెల్లదు: గడువు 10:45కే అయిపోయింది, పైగా దాని తర్వాత మరో మూడు టోకెన్లు పుట్టాయి. ‘గడువు తీరింది’ అని చూసి 10:53కి ఐదోసారి నొక్కాడు.

ఇక్కడే అసలు నష్టం జరిగింది. 10:50కి అడిగిన నాలుగో మెయిల్ 11:01కి చేరింది. దాని గడువు 11:05 వరకూ ఉంది. అతను 10:53కి నొక్కకపోయి ఉంటే ఆ లింకుతోనే పని అయిపోయేది. అది చెల్లకపోవడం చూసి 11:02కి మళ్లీ నొక్కాడు. దాంతో దారిలో ఉన్న ఐదో మెయిల్ కూడా పోయింది.

ఒక్కసారి నొక్కి ఓపిగ్గా కూర్చుంటే సరిపోయేదా అంటే, ఈ సందర్భంలో మొదటి మెయిల్ వరకూ కాదు. 22 నిమిషాలు పట్టే దారికి 15 నిమిషాల గడువు చాలదు. కానీ మొదటిది చేరేదాకా ఆగి, ఆ తర్వాత ఒక్కసారి మాత్రమే అడిగి, అది చేరేదాకా మళ్లీ చేయి పెట్టకపోతే బయటపడే అవకాశం బాగా ఉంటుంది.

నా మెయిల్ ఎక్కడ ఆగిందో నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, అదేమంత కష్టం కాదు. ప్రతి సర్వరూ మెయిల్‌ను అందుకున్నప్పుడు `Received:` అనే ముద్ర ఒకటి వేస్తుంది, పోస్టాఫీసు తేదీ ముద్రలాగా. కొత్త ముద్ర పైన పడుతుంది కాబట్టి వీటిని కింది నుంచి పైకి చదవాలి.

జీమెయిల్‌లో అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి `Show original` ఎంచుకోండి. యాహూలో అదే మెనూలో `View raw message` ఉంటుంది. వెబ్‌లోని ఔట్‌లుక్‌లో మూడు చుక్కల కింద `View` అనే చోట `View message source` కోసం చూడండి.

పై విద్యార్థి మొదటి మెయిల్‌లో ముద్రలు ఇలా ఉంటాయి (పేర్లు, ఐపీ నమూనాకే):

```
Received: from out7.example.com ([198.51.100.7])
    by mx1.example.org; Tue, 4 Mar 2025 10:52:10 +0530
Received: from web2.example.com
    by out7.example.com; Tue, 4 Mar 2025 05:00:41 +0000
Date: Tue, 4 Mar 2025 05:00:40 +0000
```

కింద `Date` దగ్గర 05:00:40 ఉంది, పక్కన `+0000`. అంటే అది గ్రీన్‌విచ్ సమయం. మన సమయానికి 5:30 కలపాలి కాబట్టి 10:30:40. ఒక్క సెకనులో సైటువాళ్ల బయటి సర్వర్ `out7`కు చేరింది. అక్కడి నుంచి కాలేజీ సర్వర్ `mx1`కు చేరేసరికి 10:52:10. ఆలస్యమంతా ఈ రెండు ముద్రల మధ్యే ఉంది. సమయం పక్కనున్న `+0530`, `-0700` లాంటివి చూడకుండా లెక్క వేస్తే గంటల కొద్దీ ఆలస్యమైందని పొరబడతారు. అమెరికా సర్వర్ల నుంచి వచ్చే మెయిళ్ల విషయంలో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

దీన్నిబట్టి ఎవరిని అడగాలో తెలుస్తుంది. కింది ముద్రల మధ్య ఎడం ఉంటే సైటువాళ్ల క్యూలో ఇరుక్కుంది, వాళ్లకే రాయాలి. సైటు చివరి సర్వర్‌కూ మీ మెయిల్ కంపెనీ మొదటి సర్వర్‌కూ మధ్య ఎడం ఉంటే, సాధారణంగా మీవాళ్లు తలుపు తీయలేదని అర్థం. అయితే సైటువాళ్లు అక్కడే క్యూలో పెట్టి ఉండే అవకాశం కూడా లేకపోలేదు, వాళ్ల లాగ్ చూస్తేనే తేలుతుంది. పై ముద్రల మధ్య ఎడం ఉంటే మీ సంస్థ లోపలి స్కానింగ్ దగ్గర ఆగింది.

ఇంత లెక్క అక్కర్లేదనుకుంటే, జీమెయిల్ `Show original` పేజీలో పైనే `Created at` పక్కన `Delivered after 1290 seconds` లాంటి మాట ఉంటుంది. 60తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. ఇక్కడైతే 21న్నర.

మెయిల్ కంపెనీ కావాలని ఆలస్యం చేస్తుందా?

కొన్ని చేస్తాయి. గ్రేలిస్టింగ్ పని అదే. ముక్కూమొహం తెలియని చోట నుంచి మెయిల్ వస్తే సర్వర్ దాన్ని తిరస్కరించదు, తాత్కాలికంగా కాదంటుంది. పంపేవాళ్ల లాగ్‌లో ఇలాంటి వాక్యం పడుతుంది:

```
451 4.7.1 Greylisted, try again later
```

4తో మొదలయ్యే కోడ్‌కు ‘మళ్లీ ప్రయత్నించు’ అని అర్థం, 5తో మొదలైతే ‘ఇక వద్దు’ అని. నియమం పాటించే సర్వర్ కాసేపాగి మళ్లీ వస్తుంది. లక్షల కొద్దీ స్పామ్ చల్లే ప్రోగ్రాములు చాలావరకు మళ్లీ రావు. ఈ తేడా మీదే ఆ ఉపాయం నడుస్తుంది. 2003లో మొదలైన ఈ పద్ధతిని పెద్ద ఉచిత మెయిల్ సేవలకంటే సొంత సర్వర్ నడుపుకునే కాలేజీలు, చిన్న సంస్థలు, హోస్టింగ్ కంపెనీల దగ్గర ఎక్కువగా చూస్తాం.

గ్రేలిస్ట్ మూడు సంగతులను కలిపి గుర్తుపెట్టుకుంటుంది: పంపిన ఐపీ, పంపినవారి అడ్రస్, అందుకునేవారి అడ్రస్. మూడూ కలిసిన జతను ఒకసారి చూస్తే తర్వాత వెంటనే రానిస్తుంది. రీసెట్ మెయిళ్లతో చిక్కు ఇక్కడే వస్తుంది. పెద్ద కంపెనీలు మెయిల్‌ను ఒకసారి ఒక ఐపీ నుంచి, ఇంకోసారి మరో ఐపీ నుంచి పంపుతాయి. పైగా తిరిగొచ్చే మెయిళ్లను లెక్కపెట్టుకోవడానికి కవరు మీద పంపినవారి అడ్రస్‌ను ప్రతి మెయిల్‌కూ వేరుగా రాస్తాయి. మీకు కనిపించే `From` ఒకటే అయినా సర్వర్‌కు కనిపించే అడ్రస్ ప్రతిసారీ కొత్తది. కాబట్టి మీరు ఆరుసార్లు నొక్కితే ఆరుగురు కొత్తవాళ్లు తలుపు తట్టినట్టు.

కాలేజీ, ఆఫీసు మెయిల్ అయితే అక్కడి ఐటీవాళ్లకు పంపే సైటు డొమైన్ పేరు ఇచ్చి, గ్రేలిస్టింగ్ నుంచి మినహాయించమని అడగండి. వాళ్లకు ఇది రెండు నిమిషాల పని.

ఎంతసేపు ఆగాలి?

మెయిల్ పంపే సర్వర్లు మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలన్నది వాళ్లవాళ్ల ఇష్టం. బాగా వాడుకలో ఉన్న పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామును అలాగే వదిలేస్తే మొదటి మళ్లీ-ప్రయత్నం 5 నిమిషాలకు జరుగుతుంది. ఆ తర్వాత ఎడం పెరుగుతూ గంట దాటేదాకా వెళ్తుంది, 5 రోజుల తర్వాత వదిలేస్తుంది. మెయిల్ ప్రమాణాల్లో అయితే కనీసం 30 నిమిషాలు ఆగమని సూచన ఉంది. కాబట్టి అరగంట ఆలస్యం అంటే ఏదో పాడైపోయిందని కాదు.

ఇలా చేయండి: ఒకసారి నొక్కండి, సమయం రాసుకోండి, 20 నిమిషాలు వదిలేయండి. వస్తే తెరవండి. రాకపోతే 30 నిమిషాలు దాటాక ఇంకొక్కసారి. రెండోసారీ రాకపోతే అది ఆలస్యం కాకపోవచ్చు, అసలు పంపకపోవడమో, స్పామో అయి ఉంటుంది. కింద చూడండి. సైటులో మొబైల్‌కు ఓటీపీ పంపే దారి ఉంటే ఇంత నిరీక్షణ అక్కర్లేదు, దాన్నే వాడండి.

ఒకేసారి నాలుగు మెయిళ్లు వచ్చి పడ్డాయి. ఏది తెరవాలి?

ఆఖరున అడిగినదాన్ని. ఆఖరున చేరినదాన్ని కాదు. ఈ రెండూ ఒకటి కానవసరం లేదు, ఎందుకంటే ఆలస్యమైన పాత మెయిల్ కొత్తదాని తర్వాత కూడా రావచ్చు. తేడా తెలియాలంటే పైన చెప్పినట్టు మూలం తెరిచి `Date:` చూడండి, అది మెయిల్ పుట్టిన సమయం. మీరు ఆఖరున నొక్కిన సమయానికి ఏది దగ్గరగా ఉంటే అదే.

జీమెయిల్‌లో ఇంకో మెలిక ఉంది. ఒకే విషయంతో వచ్చిన మెయిళ్లను ఒక వరుసగా కలిపేస్తుంది. పై మెయిల్‌లో ఉన్న రాతే కింది మెయిల్‌లోనూ ఉంటే దాన్ని మూడు చుక్కల వెనక దాచేస్తుంది. దాంతో కొత్త మెయిల్ ఖాళీగా ఉన్నట్టు కనిపించి, జనం పై మెయిల్‌లోని పాత లింకు నొక్కేస్తారు. ఆ చుక్కలు నొక్కితే లింకు బయటపడుతుంది. పాతవన్నీ డిలీట్ చేసి మొదలుపెట్టడం ఇంకా తేలిక.

గడువు ఇంకా ఉంది, మొదటిసారే నొక్కాను, అయినా ‘ఇప్పటికే వాడేశారు’ అంటోంది. నాకంటే ముందు ఎవరు నొక్కారు?

మనిషి కాదు, స్కానర్. ఆఫీసు మెయిళ్ల ముందు కాపలాగా ఉండే కొన్ని భద్రతా వ్యవస్థలు మెయిల్‌లోని లింకులను మీకంటే ముందు తెరిచి, అవతల ప్రమాదం ఉందేమో చూస్తాయి. సైటును జాగ్రత్తగా కట్టకపోతే, లింకు తెరవగానే టోకెన్ ఖర్చయిపోతుంది. స్కానర్ చూసి వెళ్లాక మీకు మిగిలేది ఖాళీ తాళంచెవి.

గుర్తుపట్టడం తేలికే. ఇది దాదాపు ఎప్పుడూ ఆఫీసు, కాలేజీ అడ్రస్‌కే జరుగుతుంది. మెయిల్ వచ్చిన కొన్ని సెకన్లలో నొక్కినా అదే జవాబు వస్తుంది. లింకు మీద మౌస్ ఉంచి చూస్తే సైటు పేరుకు బదులు `safelinks.protection.outlook.com` లాంటి వేరే పేరు కనిపించవచ్చు. అదే సైటులో సొంత జీమెయిల్‌తో ఉన్న ఖాతాకు రీసెట్ మామూలుగా పనిచేస్తే ఇక సందేహం అక్కర్లేదు.

లింకును కాపీ చేసి వేరే బ్రౌజర్‌లో పెట్టినా లాభం లేదు, ఖర్చయిన టోకెన్ తిరిగి రాదు. లింకుకు బదులు అంకెల కోడ్ పంపే వీలుందేమో చూడండి. కోడ్‌ను స్కానర్ టైప్ చేయలేదు. అదీ లేకపోతే సైటు సహాయ విభాగాన్ని అడిగి ఖాతా మెయిల్ మార్పించుకోవాలి, లేదా ఆఫీసు ఐటీవాళ్లు ఆ డొమైన్‌ను స్కానింగ్ నుంచి తప్పించాలి.

కొత్త పాస్‌వర్డ్ పెట్టేశాను, ఓకే అంది కూడా. లాగిన్ చేస్తే తప్పంటోంది. మళ్లీ మొదటికే వచ్చాను.

ఇక్కడ మెయిల్ తప్పేమీ లేదు. బ్రౌజర్ దాచుకున్న పాత పాస్‌వర్డ్‌ను మీకు తెలియకుండానే నింపేస్తోంది. చుక్కలే కనబడతాయి కాబట్టి పాతదో కొత్తదో తెలియదు. పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి, కంటి గుర్తు నొక్కి, అక్షరాలు చూస్తూ చేత్తో టైప్ చేయండి. పనిచేసిందంటే బ్రౌజర్ దాచుకున్నదాన్ని కూడా మార్చండి, లేకపోతే వచ్చే నెల ఇదే కథ.

లింకు నొక్కగానే కొత్త పాస్‌వర్డ్ పేజీ రాకుండా లింకు చెల్లదని వస్తుంటే అది కుకీల గొడవ కావచ్చు. జాంగో లాంటివి లింకులోని టోకెన్‌ను సెషన్‌లో దాచి, వేరే పేజీకి పంపుతాయి. కుకీలు ఆపేసిన బ్రౌజర్‌లో ఆ సెషన్ నిలవదు. మెయిల్ యాప్ లోపలే తెరుచుకునే చిన్న బ్రౌజర్‌లో కాకుండా, లింకును కాపీ చేసి క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో తెరవండి. జాంగోలో ఇంకో సంగతి: రీసెట్ అడిగిన తర్వాత పాత పాస్‌వర్డ్ గుర్తొచ్చి లాగిన్ అయితే ఆ లింకు చెల్లదు. అది లోపం కాదు, అలాగే కట్టారు.

రీసెట్ మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు వెళ్తుంది? నేనే కదా అడిగింది.

మీరు అడిగారని మెయిల్ కంపెనీకి తెలియదు. దానికి కనిపించేది ఇది: ‘మీ పాస్‌వర్డ్ మార్చుకోండి, ఇక్కడ నొక్కండి’ అని ఒక తొందరపెట్టే వాక్యం, ఒక లింకు. దొంగ మెయిళ్ల రూపం కూడా అచ్చం ఇదే. కాబట్టి పంపినవాళ్ల పత్రాలు సరిగ్గా లేకపోతే అనుమానం ఎక్కువవుతుంది.

పత్రాలంటే మూడు. ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పేది ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద సంతకం డీకిమ్. ఈ రెండిట్లో ఒకటైనా `From`లో కనిపించే పేరుతో కలవాలని, కలవకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపేవాళ్లకు మూడూ ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. తక్కువ పంపేవాళ్లకు కూడా మొదటి రెండిట్లో ఒకటైనా తప్పనిసరి. `Show original` పేజీలో ఈ మూడింటి ఎదురుగా `PASS` ఉందో `FAIL` ఉందో మీరే చూడొచ్చు.

అన్నీ `PASS` అయినా స్పామ్‌లో పడిందంటే కారణం పేరుప్రతిష్ఠలది. ఒకే సర్వర్ నుంచి ఆఫర్ల మెయిళ్లు, రీసెట్ మెయిళ్లు కలిపి పంపే కంపెనీలకు ఈ తంటా ఉంటుంది. ఆఫర్లతో విసిగి మీరు గతంలో `Report spam` నొక్కి ఉంటే, ఆ గుర్తు మీ ఇన్‌బాక్స్ విషయంలో మరీ గట్టిగా పనిచేస్తుంది.

స్పామ్‌లో దొరికితే అక్కడే లింకు నొక్కకండి. ఔట్‌లుక్ జంక్ ఫోల్డర్‌లో లింకులు పనిచేయవు కూడా. ముందు `Report not spam` నొక్కి ఇన్‌బాక్స్‌కు తెచ్చి, పంపిన డొమైన్ సరైనదేనా అని చూసి, అప్పుడు తెరవండి. తర్వాతి సారికి జీమెయిల్‌లో ఆ అడ్రస్‌కు ఫిల్టర్ పెట్టి `Never send it to Spam` టిక్ చేయండి. జీమెయిల్ స్పామ్‌లో 30 రోజులు దాటినవి వాటంతటవే పోతాయి.

స్పామ్‌లోనూ లేదు, ఎక్కడా లేదు.

ముందు నిజంగా లేదో చూడండి. జీమెయిల్ వెతుకు పెట్టెలో ఇది టైప్ చేయండి:

```
in:anywhere newer_than:1d (password OR reset)
```

ఇది స్పామ్, ట్రాష్, ప్రమోషన్స్ అన్నిట్లో వెతుకుతుంది. అప్పటికీ లేదంటే ఎక్కువసార్లు తేలే కారణం: ఆ అడ్రస్‌తో ఆ సైటులో ఖాతానే లేదు. ‘ఖాతా ఉంటే మెయిల్ పంపాం’ అని సైటు అనే మాటలో ‘ఉంటే’ను గమనించండి. ఎవరికి ఖాతా ఉందో బయటివాళ్లకు తెలియకూడదని సైట్లు కావాలనే అందరికీ ఒకే జవాబిస్తాయి. ఆ సైటు నుంచి గతంలో వచ్చిన బిల్లో, స్వాగత మెయిలో వెతికి అది ఏ అడ్రస్‌కు వచ్చిందో చూడండి. జీమెయిల్‌లో `rama.rao` అన్నా `ramarao` అన్నా ఒకే పెట్టెకు చేరతాయి కానీ, సైటుకు అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. నమోదు చేసినప్పుడు చుక్క పెట్టి ఉంటే ఇప్పుడూ చుక్క పెట్టాలి.

పెట్టె నిండిపోయినా మెయిల్ రాదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ పంచుకుంటాయి. పెళ్లి వీడియోలు డ్రైవ్‌లో పెడితే మెయిల్ ఆగిపోవడానికి కారణం అదే.

ఇంకొకటుంది, బయటికి అసలు కనబడదు. పెద్ద మెయిల్ పంపిణీ సేవలు ఒక నిషేధ జాబితా ఉంచుకుంటాయి. ఒకసారి మీ అడ్రస్ లేదని మెయిల్ తిరిగొచ్చినా, మీరు స్పామ్ అని ఫిర్యాదు చేసినా ఆ జాబితాలో చేరతారు. యాహూ, ఔట్‌లుక్ డాట్ కామ్ అలాంటి ఫిర్యాదులను నమోదు చేసుకున్న పంపేవాళ్లకు చేరవేస్తాయి. ఎప్పుడో ఆఫర్ మెయిల్ మీద నొక్కిన స్పామ్ బటన్ ఈరోజు రీసెట్ మెయిల్‌ను పంపకముందే ఆపేస్తుంది. మీ వైపు నుంచి చేయగలిగిందేమీ లేదు. సహాయ విభాగానికి ‘నా అడ్రస్ మీ సప్రెషన్ లిస్టులో ఉందేమో చూసి తీసేయండి’ అని సరిగ్గా ఈ మాటలతోనే రాయండి. ‘మెయిల్ రావట్లేదు’ అని మాత్రమే రాస్తే, స్పామ్ చూసుకోండని జవాబొస్తుంది.

మెయిల్ పాస్‌వర్డే మర్చిపోయాం. రికవరీ మెయిల్ ఇంకో పాత ఖాతాకు వెళ్తోంది, దాని పాస్‌వర్డూ తెలియదు.

అమ్మానాన్నల ఫోన్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఫోన్ కొన్న రోజున షాపులో ఎవరో ఖాతా తెరిచి ఇస్తారు, రికవరీ అడ్రస్ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇలాంటప్పుడు డాలస్‌లో ఉన్న కొడుకు అక్కడి నుంచి ప్రయత్నిస్తే పని జరగడం కష్టం. ఖాతా ఎప్పుడూ వాడే పరికరం, ఎప్పుడూ వాడే చోటు గూగుల్‌కు ముఖ్యం. నాన్నగారి ఫోన్‌లోనే, ఇంటి వైఫై మీదే `g.co/recover` తెరిచి, ఆయన చేతే అడుగులు వేయించండి, మీరు ఫోన్‌లో చెబుతూ ఉండండి. గుర్తున్న పాత పాస్‌వర్డ్ ఏదైనా అడిగితే ఇవ్వండి. ఆ ఫోన్‌లో ఖాతా ఇంకా లాగిన్ అయి ఉంటే మాత్రం దాన్ని తీసేయకండి, ఫోన్‌ను రీసెట్ చేయకండి. ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది.

నేను అడగలేదు, అయినా రీసెట్ మెయిల్ వచ్చింది.

ఎవరో మీ అడ్రస్ టైప్ చేశారు, పొరపాటునైనా కావచ్చు. నొక్కకుండా వదిలేస్తే పాస్‌వర్డ్ మారదు. అందులోని కోడ్ ఫోన్ చేసి అడిగినవాళ్లకు చెప్పకండి.

సైటు మాదే. మావాళ్లకు ఈ బాధ లేకుండా ఏం మార్చాలి?

ముందుగా టోకెన్ ఖర్చయ్యే చోటు మార్చండి. లింకు తెరిస్తే ఫారం మాత్రమే రావాలి. మనిషి కొత్త పాస్‌వర్డ్ రాసి పంపినప్పుడే టోకెన్ ఖర్చవాలి:

```
GET  /reset?token=...   ఫారం చూపించు, టోకెన్ ముట్టుకోకు
POST /reset             పాస్‌వర్డ్ మార్చు, టోకెన్ రద్దు చేయి
```

స్కానర్లు సాధారణంగా లింకు తెరిచి చూస్తాయే కానీ ఫారం నింపవు. ఈ ఒక్క మార్పుతో ‘ఇప్పటికే వాడేశారు’ ఫిర్యాదులు చాలావరకు ఆగుతాయి.

తర్వాత, కొత్త అభ్యర్థన పాత టోకెన్‌ను వెంటనే చంపకుండా గడువు వరకూ బతకనివ్వండి. ఒకటి వాడాక మిగతావి రద్దు చేస్తే చాలు. గ్రేలిస్టింగ్ దాటుకుని వచ్చేసరికి అరగంట పట్టొచ్చు కాబట్టి 15 నిమిషాల గడువు చాలా చోట్ల చాలదు. మామూలు సైటుకు గంట పెట్టండి. మళ్లీ పంపే బటన్‌ను కనీసం 60 సెకన్లు మూసి ఉంచి, మెయిల్ శీర్షికలో అడిగిన సమయం వేయండి: ‘పాస్‌వర్డ్ రీసెట్, ఉదయం 10:50’. శీర్షిక వేరైతే జీమెయిల్ వాటిని ఒకే వరుసలో కలపదు, ఏది కొత్తదో వాడేవాళ్లకు చూడగానే తెలుస్తుంది.

ఆఫర్ల మెయిళ్లను వేరే సబ్‌డొమైన్ నుంచి, వేరే క్యూ నుంచి పంపండి. పండగ ఆఫర్ యాభైవేల మందికి వెళ్తున్న పూట రీసెట్ మెయిల్ దాని వెనక వరుసలో నిలబడకూడదు. రీసెట్ మెయిల్‌లో క్లిక్‌లు లెక్కపెట్టే లింకు కూడా వద్దు. `From` ఒక డొమైన్, లింకు ఇంకో డొమైన్ అయితే స్పామ్ అనుమానానికి మీరే కారణం ఇచ్చినట్టు.

చివరగా రికార్డులు చూసుకోండి:

```
dig +short TXT example.com
dig +short TXT _dmarc.example.com
```

మొదటిదానిలో `v=spf1`తో మొదలయ్యే వాక్యం ఒక్కటే ఉండాలి, రెండుంటే ఎస్‌పీఎఫ్ చెల్లదు. దాని కోసం జరిగే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. మెయిల్ సేవలు మారుస్తూ ప్రతిసారీ ఒక `include` కలిపి, పాతవి తీయడం మరిచిన డొమైన్లు ఇక్కడే దొరికిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ మీరే నడుపుతుంటే `postqueue -p` ఇస్తే, ఏ మెయిల్ ఏ కారణంతో ఆగిందో అవతలి సర్వర్ చెప్పిన మాటతో సహా కనిపిస్తుంది.